సోలార్ ప్యానెల్ ఐ-వి కర్వ్ తీయడం, ఫిల్ ఫ్యాక్టర్ లెక్కగట్టడం, సామర్థ్యానికి పైకప్పు ఎక్కడుందో చూడటం

ఎక్కువగా వస్తున్న ప్రశ్నలు రెండు. మల్టీమీటర్ పెడితే ప్యానెల్ 21 వోల్టులు చూపిస్తోంది, 0.6 ఆంపియర్లు కూడా చూపిస్తోంది, రెండూ గుణిస్తే 13 వాట్లు రావాలి కదా, లేబుల్ మీద 10 అనే ఎందుకుంది? ఇక రెండోది: ఎండ అంతా మీద పడుతున్నా ప్యానెల్ అందులో ఐదోవంతు కరెంటుగా మార్చడానికే ఎందుకు ఆపసోపాలు పడుతుంది?

రెండింటికీ జవాబు ఒకే గీతలో ఉంది: వోల్టేజీ మారుతుంటే ప్యానెల్ ఇచ్చే కరెంటు ఎలా మారుతుందో చూపే ఐ-వి కర్వ్. ఆ గీతను మీ చేతులతో మీరే తీసే పద్ధతి ఇది. ఇందుకు 36 సెల్స్ ఉన్న 10 వాట్ల చిన్న ప్యానెల్ తీసుకుందాం. ఒంటరి సెల్ కంటే దీనితో మొదలుపెట్టడమే మేలు. పెద్ద సెల్ ఒక్కటే అయితే అర వోల్టు దగ్గర 9 ఆంపియర్ల దాకా ఇస్తుంది. వైర్ల నిరోధం 0.05 ఓమ్ ఉన్నా 0.45 వోల్టు అక్కడే పోతుంది కాబట్టి, కర్వ్‌లో సగానికి పైగా మీకు కనిపించదు. 10 వాట్ల ప్యానెల్‌లో ఆ బెడద లేదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 10 వాట్ల ప్యానెల్. లేబుల్ మీద Voc, అంటే ఏమీ కలపనప్పటి వోల్టేజీ, 21.6 V; Isc, అంటే షార్ట్ చేసినప్పటి కరెంటు, 0.62 A ఉన్నట్టు అనుకుందాం.
- నిరోధాన్ని మార్చుకోగలిగే 100 ఓమ్‌ల రియోస్టాట్, కనీసం 1 ఆంపియర్ తట్టుకునేది. ఫిజిక్స్ ల్యాబుల్లో ఉండే, పైన స్లైడర్ జరిగే రకం.
- 100 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి.
- 1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి. 1 శాతం టాలరెన్స్‌ది దొరికితే మంచిది.
- డిజిటల్ మల్టీమీటర్లు రెండు.
- ప్యానెల్ వెనక అంటించడానికి థర్మోకపుల్, టేపు.
- చదరపు మిల్లీమీటర్ మందం ఉన్న రాగి వైరు, బిగువైన క్లిప్పులు.

ఆ 1 ఓమ్ రెసిస్టర్ ఎందుకో చెప్పాలి. మామూలు మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజిలో రెండే దశాంశాలు చూపిస్తుంది. 0.515 ఆంపియర్లను 0.51 అంటుంది. కర్వ్ వంగే చోట మనకు కావలసిన తేడాలు సరిగ్గా ఆ మూడో అంకెలోనే ఉంటాయి. అందుకని కరెంటును 1 ఓమ్ గుండా పంపి, దాని రెండు చివర్ల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. మీటర్ 515 మిల్లీవోల్టులు చూపిస్తే కరెంటు 0.515 ఆంపియర్లు. ఆంపియర్ జాక్‌లో ప్రోబ్ మరిచిపోయి ఫ్యూజు కాల్చుకునే ప్రమాదం కూడా తప్పుతుంది.

ఇంటి పైకప్పు మీద వరసగా కలిపిన పెద్ద ప్యానెళ్ల మీద మాత్రం ఈ పద్ధతి వాడకండి. అక్కడ వందల వోల్టుల డీసీ ఉంటుంది. నడుస్తున్న కరెంటును క్లిప్పు తీసి తెంపితే ఆర్క్ లేస్తుంది, అది తనంతట తాను ఆరదు.

## 2. కనెక్షన్

ప్యానెల్ ప్లస్ నుంచి 1 ఓమ్ రెసిస్టర్, అక్కణ్నుంచి రియోస్టాట్, అక్కణ్నుంచి ప్యానెల్ మైనస్. ఇది కరెంటు నడిచే దారి.

వోల్టేజీ కొలిచే మీటర్‌ను రియోస్టాట్ మీద కాదు, నేరుగా ప్యానెల్ టెర్మినళ్ల మీద పెట్టాలి. కరెంటు మోసే క్లిప్పు వేరు, వోల్టేజీ చూసే క్లిప్పు వేరు. ఇలా చేస్తే వైర్లలో, 1 ఓమ్‌లో పడిపోయే వోల్టేజీ మీ లెక్కలోకి రాదు. ఒకే క్లిప్పుతో రెండు పనులూ చేయిస్తే ఆ క్లిప్పు నిరోధాన్ని ప్యానెల్ లోపంగా రాసుకుంటారు.

రియోస్టాట్‌కు మూడు టెర్మినళ్లు ఉంటాయి: కింద రెండు, పైన స్లైడర్ కడ్డీకి ఒకటి. మనకు కావలసినవి కింది వాటిలో ఒకటి, పైది. కింద రెండింటికే కలిపితే స్లైడర్ ఎంత జరిపినా అంకె కదలదు. కొత్తవాళ్లు అరగంట వృథా చేసుకునేది ఎక్కువగా ఇక్కడే.

## 3. ఎండ, కోణం, వేడి

మబ్బు లేని రోజు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 లోపు కొలవండి. ప్యానెల్ మీద పెన్ను నిటారుగా నిలబెట్టి, దాని నీడ పెన్ను అడుగులోకి ముడుచుకుపోయే దాకా ప్యానెల్‌ను వంచండి. అప్పుడు ఎండ సూటిగా పడుతున్నట్టు.

తర్వాత 20 నిమిషాలు కదపకుండా వదిలేయండి. నీడలోంచి తెచ్చిన ప్యానెల్ ఎండలో పెట్టగానే వేడెక్కడం మొదలవుతుంది. ఒక్కో సిలికాన్ సెల్ డిగ్రీకి సుమారు 2.1 మిల్లీవోల్టులు కోల్పోతుంది. 36 సెల్స్‌కు అది డిగ్రీకి 76 మిల్లీవోల్టులు. కొలుస్తూ ఉండగా ప్యానెల్ 10 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు వోల్టు జారిపోతుంది. అంటే మీ కర్వ్ మొదటి సగం ఒక ప్యానెల్‌ది, రెండో సగం ఇంకో ప్యానెల్‌ది అయినట్టే.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- ప్యానెల్ గాజు తుడిచారా?
- మీ నీడగానీ, వైరు నీడగానీ ఏ సెల్ మీదా పడటం లేదు కదా?
- వెనక థర్మోకపుల్ అంకె రెండు నిమిషాలుగా నిలకడగా ఉందా?
- స్లైడర్ ఈ చివర నుంచి ఆ చివరకు జరిపితే అంకెలు తెగకుండా మారుతున్నాయా?

## 4. రీడింగులు తీసే వరస

రియోస్టాట్‌ను సున్నా ఓమ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఇది దాదాపు షార్ట్ సర్క్యూట్. ప్యానెల్‌కు దీనివల్ల ఏ హానీ లేదు. 1 ఓమ్ దారిలో ఉంది కాబట్టి వోల్టేజీ సున్నాకు కాక 0.7 దగ్గర ఆగుతుంది. అక్కడ గీత దాదాపు చదునుగా ఉంటుంది, ఫర్వాలేదు.

అక్కణ్నుంచి నిరోధం పెంచుతూ పోండి. మొదట పెద్ద అడుగులు సరిపోతాయి. 14 వోల్టులు దాటాక అరవోల్టుకొక రీడింగ్ తీయండి, గీత వంగేది అక్కడే. 100 ఓమ్‌లు అయిపోయాక రెండో 100 ఓమ్ రెసిస్టర్‌ను వరసలో కలపండి. చివరగా క్లిప్పు తీసేసి Voc చదవండి.

రెండు మీటర్లూ ఒకే క్షణంలో చదవాలి. ఒకరు స్లైడర్ జరిపి, ఇంకొకరు ఫోన్‌తో రెండు మీటర్లనూ కలిపి ఫొటో తీస్తే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

చివర్లో మళ్లీ సున్నా ఓమ్‌కు వచ్చి మొదటి రీడింగ్ తిరిగి తీయండి. రెండింటి మధ్య తేడా 2 శాతం దాటితే మధ్యలో పల్చని మబ్బు వచ్చిందని అర్థం. ఆ పట్టిక పక్కన పడేసి మళ్లీ తీయండి. దిద్దే ప్రయత్నం వద్దు.

వెనక 50 డిగ్రీల వేడి ఉన్నప్పుడు ఇలాంటి ప్యానెల్‌కు అంకెలు ఇలా ఉంటాయి:

| వోల్టులు | ఆంపియర్లు | వాట్లు |
|---|---|---|
| 0.7 | 0.514 | 0.36 |
| 9.6 | 0.502 | 4.82 |
| 13.6 | 0.492 | 6.69 |
| 14.6 | 0.484 | 7.07 |
| 15.1 | 0.476 | 7.19 |
| 15.6 | 0.466 | 7.27 |
| 16.1 | 0.450 | 7.25 |
| 16.6 | 0.427 | 7.09 |
| 17.2 | 0.388 | 6.67 |
| 18.3 | 0.257 | 4.70 |
| 18.9 | 0.134 | 2.53 |
| 19.4 | 0 | 0 |

అడ్డంగా వోల్టులు, నిలువుగా ఆంపియర్లు పెట్టి గీయండి. ఎడమ నుంచి బల్లపరుపుగా వచ్చి, 15 వోల్టుల దగ్గర భుజం వంచి, 19.4 దగ్గర నేలకు దిగే గీత వస్తుంది. 13 వాట్ల సందేహం ఇక్కడే తీరుతుంది. 0.514 ఆంపియర్లు వచ్చినప్పుడు వోల్టేజీ లేదు, 19.4 వోల్టులు వచ్చినప్పుడు కరెంటు లేదు. రెండూ ఒకేసారి దొరికేది భుజం దగ్గర మాత్రమే, అక్కడా రెండూ కొంచెం కొంచెం తగ్గించుకునే దొరుకుతాయి.

## 5. ఫిల్ ఫ్యాక్టర్

Isc, Voc భుజాలుగా ఒక దీర్ఘచతురస్రం గీయండి. దాని వైశాల్యం 0.514 × 19.4, అంటే 9.97 వాట్లు. గీత లోపల పట్టే అతిపెద్ద దీర్ఘచతురస్రం 15.6 × 0.466, అంటే 7.27 వాట్లు. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే వచ్చేదే ఫిల్ ఫ్యాక్టర్. ఇక్కడ 0.73.

స్ప్రెడ్‌షీట్‌లో A కాలమ్‌లో వోల్టులు, B లో ఆంపియర్లు, C లో వాట్లు రెండో వరస నుంచి పెడితే:

```
=MAX(C2:C13)/(A13*B2)
```

ఈ అంకెలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. దీనికి ఎండ ఎంతుందో తెలియనక్కర్లేదు, సెల్ వైశాల్యం అక్కర్లేదు. మీ 1 ఓమ్ నిజానికి 1.03 ఓమ్ అయినా, ఆ తప్పు పైనా కిందా ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. కొలిచినంత సేపూ ఎండ నిలకడగా ఉంటే చాలు. తక్కువ సామాగ్రితో నమ్మకంగా చెప్పగలిగే మొదటి అంకె ఇదే.

0.73 మంచిదా కాదా తెలియాలంటే, నిరోధాల నష్టం ఏమీ లేని ఆదర్శ సెల్‌కు ఎంత వస్తుందో చూడాలి. సోలార్ సెల్ పరిశోధకుడు మార్టిన్ గ్రీన్ ఇచ్చిన సూత్రం ఇందుకు సరిపోతుంది:

```
v   = Voc / (kT/q)
FF0 = (v - ln(v + 0.72)) / (v + 1)
```

Voc ఇక్కడ ఒక్క సెల్‌ది: 19.4 ÷ 36 = 0.539. kT/q అంటే వేడితో పాటు పెరిగే థర్మల్ వోల్టేజీ, 50 డిగ్రీల దగ్గర దాని విలువ 0.0278 వోల్టు. v 19.4 వస్తుంది, FF0 0.80. ఎంత గొప్ప సెల్ అయినా ఈ వోల్టేజీ దగ్గర, ఆదర్శ డయోడ్‌లా పనిచేస్తే 0.80 దాటదు. దీర్ఘచతురస్రం మూల పూర్తిగా నిండకపోవడం తయారీ లోపం కాదు. డయోడ్ వోల్టేజీతో పాటు క్రమంగా తెరుచుకుంటుందే తప్ప ఒక్కసారిగా కాదు. మన 0.73కూ ఆ 0.80కీ మధ్య తేడాలో కొంత డయోడ్ అంత ఆదర్శంగా లేనందువల్ల పోయింది, మిగతాది రెండు నిరోధాల వల్ల.

## 6. గీత వంకర చూసి లోపం పట్టడం

ఎడమవైపు చదును భాగం కిందికి వాలితే. సెల్ అంచుల్లోంచో పగుళ్లలోంచో కరెంటు పక్కదారి పడుతోందని అర్థం. దీన్నే షంట్ నిరోధం అంటారు. మన పట్టికలో మొదటి రెండు వరసల మధ్య 8.9 వోల్టులకు 0.012 ఆంపియర్లు తగ్గింది, అంటే సుమారు 740 ఓమ్‌లు. ఇది ఓ మోస్తరు. 100 ఓమ్‌లకు పడిపోతే ప్యానెల్ దెబ్బతిన్నట్టే. అయితే ఆ మాట అనే ముందు గాజు కింది అంచు తుడవండి. అక్కడ పేరుకున్న దుమ్ము కొన్ని సెల్స్ కరెంటును తగ్గించినా ఇలాంటి వాలే కనిపిస్తుంది.

కుడివైపు నిటారుగా దిగాల్సింది ఏటవాలుగా దిగితే. వరస నిరోధం పెరిగింది: సోల్డర్ ఊడటం, జంక్షన్ బాక్సులో తుప్పు, వదులు క్లిప్పు. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. చివరి రెండు బిందువుల వాలు 0.5 ÷ 0.134, అంటే 3.7 ఓమ్‌లు వస్తే, అదే వరస నిరోధం అని రాసేస్తారు. అందులో పెద్దభాగం డయోడ్ సొంత వాలు. 36 సెల్స్‌కు అది ఈ కరెంటు దగ్గర 2 నుంచి రెండున్నర ఓమ్‌లు ఉంటుంది. అది తీసేశాక మిగిలే 1 ఓమ్ చిల్లరే అసలైన వరస నిరోధం.

మధ్యలో మెట్టు కనిపిస్తే. నీడ, లేదా ఒక సెల్ బలహీనం. నీడ పడ్డ సెల్స్‌ను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్ ఉన్న ప్యానెల్‌లో మెట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఒక సెల్‌ను అట్టముక్కతో సగం మూసి చూడండి. బైపాస్ డయోడ్ లేని చిన్న ప్యానెల్‌లో, 36 సెల్స్‌లో ఒక్కదాన్ని సగం మూసినా మొత్తం కరెంటు దాదాపు సగానికి పడుతుంది. వరసలో అందరికంటే వెనకబడినవాడి వేగమే అందరిదీ.

ఆకారం బాగుండి Isc మాత్రం తక్కువైతే దుమ్ము, కోణం, ఎండ చూసుకోండి. Voc తక్కువైతే ముందు వేడి చూడండి. ఆ తర్వాత జంక్షన్ బాక్సు విప్పండి. కొన్ని చిన్న ప్యానెళ్లలో వరసగా ఒక బ్లాకింగ్ డయోడ్ పెడతారు. కరెంటు నడిచినప్పుడు అర వోల్టు పైచిలుకు అదే తింటుంది, ఫిల్ ఫ్యాక్టర్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

## 7. సామర్థ్యం

ఇప్పుడు ఎండ, వైశాల్యం కావాలి. ఎండ తీవ్రత కొలిచే పైరనోమీటర్ ఉంటే సరే. లేకపోతే ప్యానెల్ Isc నే వాడవచ్చు: 0.514 ÷ 0.62 = 0.83. వేడికి Isc డిగ్రీకి 0.05 శాతం పెరుగుతుంది కాబట్టి, 25 డిగ్రీల తేడాకు సరిచేస్తే 0.82. అంటే చదరపు మీటరుకు 820 వాట్లు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇలా చేస్తే లేబుల్‌ను నమ్మినట్టే. ప్యానెల్ పాతబడి కరెంటు తగ్గి ఉంటే, ఆ నష్టాన్ని మీరు ఎండ ఖాతాలో వేస్తారు.

ఒక్కో సెల్ 5.2 × 3.3 సెంటీమీటర్లు అయితే, 36 సెల్స్ కలిపి 618 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.0618 చదరపు మీటర్లు. వాటి మీద పడే ఎండ 50.7 వాట్లు. 7.27 ÷ 50.7 = 14.3 శాతం. ఫ్రేముతో కలిపి 35 × 29 సెంటీమీటర్లు తీసుకుంటే ఇదే ప్యానెల్ 8.7 శాతానికి దిగుతుంది. రెండూ నిజమే, ఏ వైశాల్యమో చెప్పకుండా శాతం రాస్తేనే తప్పు.

25 డిగ్రీలు, 1000 వాట్ల ప్రామాణిక స్థితిలో లేబుల్ ప్రకారం సెల్ సామర్థ్యం 16.2 శాతం. ఎండలో మీకు వచ్చిన 14.3తో పోలిస్తే ఆ తేడా దాదాపు అంతా వేడి వల్లే.

## 8. పైకప్పు ఎక్కడుంది

సామర్థ్యం అంటే మూడు అంకెల గుణకారం: చదరపు సెంటీమీటరుకు కరెంటు, వోల్టేజీ, ఫిల్ ఫ్యాక్టర్. ప్రామాణిక స్థితిలో ఎండ చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు కాబట్టి, ఆ గుణకారమే నేరుగా శాతం. కాబట్టి పైకప్పును, అంటే సామర్థ్యం దాటలేని హద్దును కూడా మూడు ముక్కలుగానే చూడవచ్చు.

కరెంటు. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకన్నా తక్కువ శక్తి ఉన్న ఫోటాన్, అంటే సుమారు 1100 నానోమీటర్లకు పైబడిన పరారుణ కిరణం, సెల్‌కు పట్టదు. మిగిలిన ప్రతి ఫోటాన్ ఒక్క ఎలక్ట్రాన్‌నే లేపుతుంది. ఊదా రంగు ఫోటాన్ 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు తెచ్చినా ఒకటే. మిగతాది క్షణంలో వేడిగా మారిపోతుంది. ఎండలో పనికొచ్చే ఫోటాన్లన్నీ లెక్కపెడితే చదరపు సెంటీమీటరుకు 44 మిల్లీఆంపియర్లకు కాస్త తక్కువ వస్తుంది. ఒక్కో ఎలక్ట్రాన్‌కు 1.12 వోల్టులు పూర్తిగా దక్కినా 49 శాతమే. సగం ఎండ ఇక్కడే పోయింది.

వోల్టేజీ. ఆ 1.12 కూడా దక్కదు. వెలుగును పీల్చే ప్రతి వస్తువూ వెలుగును వదలాల్సిందే. సూర్యుడి నుంచి వెలుగు అర డిగ్రీ వెడల్పున్న చిన్న బిళ్ల నుంచి వస్తుంది, సెల్ మాత్రం ఆకాశమంతటికీ వెదజల్లుతుంది. ఈ అసమానత ఒక్కటే పావు వోల్టుకు పైగా తినేస్తుంది. ఏ లోపం లేని సిలికాన్‌కు కూడా సుమారు 0.87 వోల్టులే మిగులుతాయి.

ఫిల్ ఫ్యాక్టర్. ఆ వోల్టేజీకి గ్రీన్ సూత్రం 25 డిగ్రీల దగ్గర 0.87 ఇస్తుంది.

| | మన ప్యానెల్ (25 డిగ్రీలు) | సిలికాన్ పైకప్పు |
|---|---|---|
| మి.ఆం./చ.సెం.మీ. | 36.1 | 43.8 |
| ఒక సెల్ వోల్టులు | 0.60 | 0.87 |
| ఫిల్ ఫ్యాక్టర్ | 0.75 | 0.87 |
| సామర్థ్యం | 16 శాతం | 33 శాతం |

నిలువునా చదవండి. మన ప్యానెల్ ఎక్కువగా వెనకబడింది వోల్టేజీలో, పైకప్పులో 69 శాతమే అందుకుంది. కరెంటులో 82, ఫిల్ ఫ్యాక్టర్‌లో 86. అంటే మంచి సోల్డరింగ్‌తో, మందపాటి వైర్లతో గెలుచుకునేది తక్కువ. అసలు నష్టం సిలికాన్ లోపలి మలినాల దగ్గర, ఉపరితలాల దగ్గర ఎలక్ట్రాన్లు వెలుగు ఇవ్వకుండానే వృథాగా కలిసిపోవడంలో ఉంది.

ఈ లెక్కను 1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ వేశారు. బ్యాండ్‌గ్యాప్ తగ్గిస్తే కరెంటు పెరిగి వోల్టేజీ తగ్గుతుంది, పెంచితే తిరగబడుతుంది. ఇప్పటి ప్రామాణిక ఎండతో లెక్కిస్తే ఆ తూకం 1.34 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కుదిరి 33.7 శాతం వస్తుంది. వెలుగును కరెంటుగా మార్చే జంక్షన్ ఒక్కటే ఉన్న సెల్‌కు, కేంద్రీకరించని ఎండలో, ఏ పదార్థమైనా అంతే.

సిలికాన్‌కు ఇంకో అడ్డంకి ఉంది. అది వెలుగును తేలిగ్గా వదలదు. దాని బదులు ఒక ఎలక్ట్రాన్ తన శక్తిని పక్కదానికి ఇచ్చేసి కూలిపోతుంది. దీన్ని ఓజే రీకాంబినేషన్ అంటారు, స్వచ్ఛమైన సిలికాన్‌లోనూ ఇది తప్పదు. దీన్ని కలిపి రిక్టర్, హెర్మ్లే, గ్లుంజ్ 2013లో లెక్కవేస్తే సిలికాన్ హద్దు 29.4 శాతం వచ్చింది, వోల్టేజీ 0.76 దగ్గర ఆగింది. ప్రయోగశాలల్లో సిలికాన్ సెల్స్ ఇప్పటికే 27 శాతం దాటాయి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే వేరే పదార్థపు పొర వేసిన రెండు జంక్షన్ల సెల్స్ 34 దాటాయి. అవి నియమాన్ని తప్పలేదు. నీలం వైపు ఫోటాన్లకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే వేరే జంక్షన్ పెట్టుకున్నాయి, అంతే.

## 9. కొనే ముందు లేబుల్ పరీక్ష

ఈ హద్దు తెలిస్తే టేపు ఒక్కటి చాలు. ప్యానెల్ పొడవు, వెడల్పు మీటర్లలో గుణించి 1000తో, ఆ తర్వాత 0.294తో గుణించండి. సిలికాన్ ప్యానెల్ ఏదీ ఆ వాట్లు దాటలేదు.

- 2.28 × 1.13 మీటర్ల పెద్ద ప్యానెల్: 2.58 × 1000 × 0.294, సుమారు 760 వాట్లు. లేబుల్ 550 లేదా 600 అంటే నమ్మవచ్చు. 1000 అంటే నమ్మకూడదు.
- ఆన్‌లైన్‌లో "100 వాట్లు" అని అమ్మే 40 × 30 సెంటీమీటర్ల మడత ప్యానెల్: 0.12 × 1000 × 0.294, అంటే 35 వాట్లు. సెల్స్ మధ్య ఖాళీలు, మామూలు 20 శాతం సామర్థ్యం లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 24 వాట్లు వస్తే అదే ఎక్కువ.

అప్పటికే కొనేసి ఉంటే, అలాంటి ప్యానెల్‌ను పైన చెప్పినట్టే ఎండలో పెట్టి కర్వ్ తీయండి. రియోస్టాట్ మాత్రం మార్చుకోవాలి. మీ కొలతలో వచ్చిన Voc ను Isc తో భాగించి వచ్చే ఓమ్‌లకు మూడు రెట్లు ఉన్నది, ఆ Isc కి ఒకటిన్నర రెట్లు ఆంపియర్లు తట్టుకునేది తీసుకోండి.